వంపు బాణం: కూడికా, పేర్పా?

అమీర్‌పేటలో కోర్సుకు వచ్చే విద్యార్థులు చాలామంది న్యూరల్ నెట్‌వర్క్ పటంలో కొన్ని పొరలను దాటి ముందుకు వెళ్లే వంపు బాణాలన్నీ ఒకటే అనుకుంటారు. బాణం చేరే చోట ఏముందో చూడాలి.

రెజ్‌నెట్ అనే నెట్‌వర్క్‌లో అక్కడ కూడిక గుర్తు ఉంటుంది. 56×56×64 టెన్సర్‌కు అదే ఆకారమున్న మరొకటి కూడితే ఫలితం మళ్ళీ 56×56×64. యూనెట్ అనే మరో నెట్‌వర్క్‌లో రెండు టెన్సర్లనూ ఛానళ్ల దిశలో, అంటే ఆకారంలోని మూడో సంఖ్య వెంట, ఒకదాని వెనుక ఒకటి పేరుస్తారు. 64, 64 కలిసి 128 ఛానళ్లవుతాయి. తర్వాతి పొర 64కే సిద్ధమై ఉంటే ప్రోగ్రామ్ అక్కడే ఆగుతుంది.

నా దృష్టిలో కూడికకే ఎక్కువ జాగ్రత్త కావాలి. ప్రధాన దారి 28×28×128కి మారితే పాత 56×56×64ను నేరుగా కూడలేము. రెజ్‌నెట్ పటంలో చుక్కల గీత ఉన్నది అందుకే. ఆ చుక్కల దారిలో స్ట్రైడ్ 2తో, 128 ఛానళ్లు ఇచ్చే 1×1 కన్వల్యూషన్ పెడితే ఆకారాలు సరిపోతాయి. పేర్పులో ఛానళ్ల సంఖ్య వేరైనా ఇబ్బంది లేదు, ఎత్తు వెడల్పులు మాత్రం కలవాలి.