రూపాయి ట్రయల్ యోగా యాప్: చేరిన పదిహేను నెలలకు

పేరు చెప్పను కానీ ఈ యోగా యాప్‌లో పాఠాలు నిజంగా బాగున్నాయి. ఎనిమిది నెలలు రోజూ చేశాను, నడుం నొప్పి తగ్గింది. పాఠాలకు నాలుగు స్టార్లు ఇస్తాను. షరతుల పాపప్‌కు ఒక్కటి ఇవ్వడానికి కూడా మనసు రావట్లేదు.

చేరిన రోజు 'ఒక్క రూపాయికి 7 రోజులు' అని పెద్ద అక్షరాలు, కింద బూడిద రంగులో షరతులు. స్క్రీన్‌షాట్ తీసుకుని, చదవకుండానే ఒప్పుకున్నాను. తొమ్మిదో నెల రాకముందే యాప్ తీసేశాను. అయినా 706.82 రూపాయలు రెండుసార్లు కట్ అయ్యాక ఆ స్క్రీన్‌షాట్ వెతికి, జూమ్ చేసి, కాగితం మీద మూడు గడులు గీశాను: నేను చేయాల్సింది, కట్టాల్సింది, దానంతటదే జరిగేది.

కట్టాల్సిన గడిలో మూడు నెలలకు 599 రూపాయలు. పక్కన చుక్క గుర్తు, దాని అర్థం అడుగున ఉంది: పన్నులు అదనం. 18 శాతం జీఎస్టీ కలిపితేనే ఆ 706.82. రూపాయి కట్టడానికి యూపీఐ పిన్ కొట్టినప్పుడే ఆటోపేకూ అనుమతి ఇచ్చేశాను, అదీ 5,000 రూపాయల పరిమితితో. 'ధర మారవచ్చు' అన్న వాక్యాన్ని దీని పక్కన పెట్టి చూడండి. రేపు రేటు పెంచినా మళ్లీ నా పిన్ అడగనక్కర్లేదు.

మూడో గడిలోనే అసలు మెలిక ఉంది. 'గడువుకు 48 గంటల ముందు రద్దు చేయకపోతే పునరుద్ధరణ' అని రాశారు. డబ్బు కట్ అయ్యే ముందు మెసేజ్ రావాలన్నది ఆర్‌బీఐ నియమమే, కానీ అది కనీసం 24 గంటల ముందు వస్తే చాలు. నాకు ముందురోజు వచ్చేది, అప్పటికే యాప్ పెట్టిన గడువు దాటిపోయేది. ఇక యాప్ తీసేస్తే సభ్యత్వం పోదని చిన్న అక్షరాల్లో ఉండనే ఉంది. నేను చూసుకోలేదంతే.

ఈసారి మెసేజ్ రాగానే యాప్ జోలికి పోలేదు. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి, అప్పట్లో నేనిచ్చిన అనుమతిని, అంటే మ్యాండేట్‌ను, రద్దు చేసి పిన్ కొట్టాను. మర్నాడు డబ్బు కట్ కాలేదు. ప్లే స్టోర్ ద్వారా కట్టేవాళ్లు మాత్రం అక్కడి సబ్‌స్క్రిప్షన్లలో రద్దు చేసుకోవాలి. పాత రెండు కోతల గురించి అడిగితే, 'వాడకపోయినా వాపసు లేదు' అన్న షరతు చూపించారు. ఇలాంటి 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్'ను కేంద్రం 2023 నవంబరులో, వినియోగదారులను మభ్యపెట్టే డిజైన్ల మీద తెచ్చిన డార్క్ ప్యాటర్న్ మార్గదర్శకాలు నిషేధించాయి కాబట్టి, స్క్రీన్‌షాట్‌తో సహా 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు పెట్టాను.

నేను చేయాల్సినవాటిలో ఒక్క ఫోన్‌లోనే వాడటం, ఇంట్లోవాళ్లకు ఇవ్వకపోవడం మామూలే. 'ప్రచార కాల్స్‌కు సమ్మతి' కూడా ఆ గడిలోనే ఉంది. ఆటోపే ఆగినా ఆ సమ్మతి ఆగలేదు. నిన్న కూడా కాల్ వచ్చింది, మళ్లీ రూపాయి ట్రయలే.