బీదర్ యాత్ర: వార్షిక నివేదికలో ఇమడని రెండు వేలు

మా సర్వమత విద్యార్థి సంఘం వార్షిక నివేదికను ఈ వారమే విద్యార్థి వ్యవహారాల కార్యాలయానికి ఇచ్చాను. ఏడాదిలో మూడు చర్చలు, ఒక ఇఫ్తార్, ఒక క్రిస్మస్ సాయంత్రం జరిపాం. వాటికి అర పేజీ సరిపోయింది. మిగిలిన నాలుగు పేజీలూ జనవరిలో మేము ఇరవై మందిమి వెళ్లిన బీదర్ యాత్రకే పట్టాయి.

హైదరాబాదు నుంచి పొద్దున ఆరింటికి బయలుదేరాం. కర్ణాటక పర్మిటుతో కలిపి మినీ బస్సుకు రానూపోనూ 16,400 రూపాయలు. డ్రైవరు నెమ్మదస్తుడు, బండి మంచిది. దారిలో చెప్పుకోవలసింది ఇంకేమీ లేదు.

చేదు అనుభవం లాడ్జిలో ఎదురైంది. ఫోనులో గదికి 900 చొప్పున ఆరు గదులు మాట్లాడుకుని 2,000 ముందే పంపాం. మా దగ్గర ఆధార్ కార్డులు తీసుకున్న మేనేజరు వాటిని బల్ల మీద రెండు కుప్పలుగా పేర్చాడు. ఒక కుప్పలో ముస్లిం పేర్లు, రెండో దాంట్లో మిగిలినవారివి. గదులు కూడా అలాగే విడిగా తీసుకోవాలని, లేకపోతే పోలీసు తనిఖీలో తనకు ఇబ్బంది అని అన్నాడు. అలా విడదీస్తే ఎనిమిది గదులు కావాలి, గదికి 1,300 అవుతుందన్నాడు. మొదటి సంవత్సరం నుంచీ హాస్టల్లో ఒకే గదిలో ఉంటున్న ఇద్దరు కుర్రాళ్లు మా పక్కనే నిలబడి ఇదంతా విన్నారు. వాళ్లలో ఒకడు ఆ రోజు సాయంత్రం దాకా నోరు విప్పలేదు. మా సలహాదారు మేడం కార్డులన్నీ మళ్లీ ఒకే కట్టగా సర్ది చేతికి తీసుకుని, "పదండి, వెళ్దాం" అన్నారు. అడ్వాన్సు వెనక్కి ఇవ్వలేదు. తెల్లకాగితం మీద "2,000 ముట్టింది" అని రాసి ఇచ్చాడు. దాని మీద బిల్లు నంబరు లేదు, ముద్రా లేదు.

అక్కడి నుంచి నేరుగా నానక్ ఝీరా గురుద్వారాకు వెళ్లాం. గురునానక్ రాతిని కదిపితే పుట్టిందని సిక్కులు నమ్మే ఊట అక్కడ ఉంది. గురు గోవింద్ సింగ్ తొలిసారి ఖాల్సా దీక్ష ఇచ్చిన ఐదుగురు పంచ్ ప్యారేల్లో ఒకరైన భాయీ సాహిబ్ సింగ్ బీదరు వారే. యాత్రికులు బస చేసే సరాయిలో ఎవరు ఎవరితో ఉంటారని ఒక్కరూ అడగలేదు. ఎంతమందిమని అడిగి తాళాలు ఇచ్చారు, అంతే. తలకు గుడ్డ కట్టుకుని పంక్తిలో నేల మీద కూర్చున్నాం. రొట్టెను రెండు చేతులూ చాచి అందుకోవాలని పక్కన ఉన్న ముసలాయన చూపించాడు. గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే లంగరు భోజనంలో మాంసం ఉండదు కాబట్టి హలాల్ గురించి ఎవరికీ దిగులు లేకపోయింది. అయితే పప్పులో ఉల్లిపాయ ఉండటంతో మా జైన అమ్మాయి రొట్టె, పాయసంతో సరిపెట్టుకుంది. వచ్చే ఏడాది వెళ్లేవారు ఈ సంగతి ముందే చెప్పుకోవాలి.

మర్నాడు ఝరణీ నరసింహ గుహకు వెళ్లాం. నడుము లోతు నీళ్లలో సొరంగం దాటాలి. గాలి ఆడదు కాబట్టి ఆయాసం ఉన్నవారు బయటే ఉండటం మంచిది. అక్కడి నుంచి అష్టూరు. 1436లో మరణించిన బహమనీ సుల్తాను అహ్మద్ షా సమాధిలో దీపాలు లేవు. కాపలాదారు గుమ్మం దగ్గర అద్దం పట్టి ఎండను లోపలికి మళ్లించాడు. గుమ్మటం మీద ఎరుపు, బంగారు రంగులు ఒక్కసారిగా వెలిగాయి. ముస్లింలు ఆయనను వలీగా, అంటే సిద్ధపురుషుడిగా కొలిస్తే, హిందువులు వీరశైవ శరణుడైన అల్లమప్రభు అవతారమంటారు. ఏటా ఆయన వర్ధంతికి జరిగే ఉర్సుకు మడియాళ అనే ఊరి నుంచి వీరశైవ గురువైన జంగమయ్య వస్తాడు. ముందురోజు లాడ్జి గొడవ తర్వాత నోరు విప్పని ఆ కుర్రాడు ఈ మాట విని, ఉర్సుకు మళ్లీ వద్దామన్నాడు.

ఇక లెక్కలు. మంజూరైనది 30,000. బస్సుకు 16,400, దారి భోజనాలకు 5,260 పోగా, మిగిలిన 8,340 తిరిగి కట్టాం. గురుద్వారాలో ఇచ్చిన 2,100కు రసీదు ఉన్నా, అది విరాళం. విశ్వవిద్యాలయం డబ్బు ఏ మతసంస్థ హుండీలోనూ పడకూడదని యాత్రకు ముందే నిర్ణయించుకుని, దాన్ని మా జేబుల్లోంచి ఇచ్చాం. లాడ్జి చీటీని మాత్రం లెక్కల విభాగం ఒప్పుకోలేదు. అది న్యాయమే. ఆ 2,000ను తలా వంద చొప్పున భరించాం.

హాజరు పట్టికలో మతం అనే గడి ఉంది. ఎవరి గడి వాళ్లే నింపాలని కాగితం చేతికిచ్చాను. ఇద్దరు ఖాళీగా వదిలారు, ఒకమ్మాయి రెండు మతాలు రాసింది. కూడికలు కుదరకపోయినా అలాగే జతచేశాను, ఎందుకంటే పేర్లు చూసి నేను నింపితే ఆ మేనేజరు చేసిన పనే నేనూ చేసినట్టు.

నివేదిక చదివిన అధికారి లాడ్జి పేరా తీసేయమన్నారు, సంఘం మంచి పనులే కనపడాలట. యాత్రలో మాకు నిజంగా ఎదురైన సంగతి అదేనని చెప్పి, పేరా ఉంచాను. తెల్లకాగితం చీటీ నకలు అనుబంధం 3గా ఉంది.