కాలిఫోర్నియా ప్రయాణంలో 100 మిల్లీలీటర్ల లెక్క: 3.4 ఔన్సులా, 3.5 ఔన్సులా?

హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా శాన్ ఫ్రాన్సిస్కో, అక్కడి నుంచి లోకల్ ఫ్లైట్‌లో లాస్ ఏంజిలస్. విమానంలోకి చేతిసంచిలో తీసుకెళ్లే ద్రవాల సీసా ఏదీ 100 మిల్లీలీటర్లకు మించకూడదన్నది నియమం. ఈ దారిలో ఆ సీసాలను ఒకచోట కాదు, రెండు మూడు చోట్ల చూస్తారు. శంషాబాద్‌లో అందరూ మిల్లీలీటర్లలో మాట్లాడతారు కాబట్టి గందరగోళం ఉండదు. అమెరికాలో దిగి షాపులో షాంపూ కొన్నప్పుడే ఔన్సుల తంటా మొదలవుతుంది.

ఒక అమెరికన్ ఫ్లూయిడ్ ఔన్స్ అంటే 29.57 మిల్లీలీటర్లు. 100ని దానితో భాగిస్తే 3.38 వస్తుంది. అమెరికా విమానాశ్రయాల్లో తనిఖీ చేసే టీఎస్ఏ దాన్ని 3.4గా రాసుకుంది. నిజానికి 3.4 ఔన్సులంటే 100.55 మిల్లీలీటర్లు. ఆ అర మిల్లీలీటరు గురించి ఎవరూ పట్టించుకోరు, "3.4 ఔన్సులు, 100 మి.లీ." అని రెండూ రాసి ఉన్న సీసా నిశ్చింతగా వెళ్తుంది.

ఫోన్‌లో మార్చి చూసుకునేవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. బ్రిటన్ ఔన్సు వేరు, అది 28.41 మిల్లీలీటర్లే. కన్వర్టర్‌లో "ఇంపీరియల్" అని ఎంచుకుని ఉంటే 100 మిల్లీలీటర్లకు 3.52 చూపిస్తుంది. ఆ అంకె నమ్మి అమెరికాలో 3.5 ఔన్సుల లోషన్ కొంటే, దానిలో ఉన్నది 103.5 మిల్లీలీటర్లు. చెకింగ్‌లో దాన్ని తీసి పక్కన పెట్టొచ్చు. నోటిలెక్కకు ఔన్సును 30గా పట్టుకున్నా 3.4 దగ్గర 102 వచ్చి అనవసరంగా భయపెడుతుంది. అన్నిటికంటే తేలికైన దారి, ఔన్సుల అంకెను వదిలేసి పక్కనే ఉండే మిల్లీలీటర్ల అంకె చూడడం. అక్కడి షాంపూ, లోషన్ సీసాల మీద మామూలుగా రెండూ ఉంటాయి. 3 ఔన్సులైతే 89 మిల్లీలీటర్లు, పర్వాలేదు. 4 ఔన్సులైతే 118, సూట్‌కేసులోకే.

టూత్‌పేస్ట్ సంగతి ఇంకో రకం. దాని మీద రాసే ఔన్సు బరువుది, ఒక్కోటి 28.35 గ్రాములు. 4 ఔన్సుల ట్యూబు అంటే 113 గ్రాములు. పేస్టు నీళ్లకంటే చిక్కన కాబట్టి ఘనపరిమాణం 100 మిల్లీలీటర్ల లోపే ఉండొచ్చు. కానీ క్యూలో నిలబడి సాంద్రత గురించి వాదించి గెలిచేదేముంది? ఆఫీసరు ట్యూబు మీది 4 చూస్తారు, ఆఖరి మాట ఆయనదే. చిన్న ట్యూబు పెట్టుకోండి.

ఇంకొకటి, లెక్కలోకి వచ్చేది సీసా సైజే, అందులో మిగిలిన సరుకు కాదు. 200 మిల్లీలీటర్ల కొబ్బరినూనె సీసాలో అడుగున రెండు చెంచాలే ఉన్నా పోతుంది. నూనె గడ్డకట్టినా ఊరట లేదు. ఆవకాయ, నెయ్యి, తేనె కూడా ఈ కోవలోవే. వాటిని చెక్-ఇన్‌లో పెట్టడమే మేలు.

చిన్న సీసాలన్నీ ఒక క్వార్ట్ జిప్ కవర్‌లో పట్టాలి, మనిషికి ఒకటే. క్వార్ట్ అంటే 946 మిల్లీలీటర్లు. గుండ్రటి 100 మిల్లీలీటర్ల సీసాలు పది పట్టవు, మధ్యలో ఖాళీలు పోను ఆరేడు పడితే గొప్ప.

ఇక బస. హోటల్లో ఇచ్చే బుల్లి షాంపూ సీసాలు తిరుగు ప్రయాణానికి పనికొస్తాయనుకుంటే కాలిఫోర్నియాలో నిరాశే. 50కి మించి గదులున్న హోటళ్లలో 2023 నుంచి, మిగిలినవాటిలో 2024 నుంచి ఆ ప్లాస్టిక్ సీసాలు ఇవ్వకూడదని చట్టం. గోడకు బిగించిన పెద్ద పంపు సీసాలే కనిపిస్తాయి. గదిలో వాడుకోడానికి అవి బాగానే ఉంటాయి, వెంట తెచ్చుకోడానికి మాత్రం కుదరదు. అందుకని ఖాళీ 100 మిల్లీలీటర్ల సీసాలు రెండు ఇంటి నుంచే తీసుకెళ్తే, అక్కడ ట్రావెల్ సైజు సరుకు వెతికే పని తప్పుతుంది. అది మిల్లీలీటరుకు లెక్కేస్తే ఖరీదు కూడా.

గల్ఫ్‌లో డ్యూటీ ఫ్రీ సెంటు కొన్నవాళ్లకు శాన్ ఫ్రాన్సిస్కోలో మళ్లీ చెకింగ్ ఉంటుంది. సీలు వేసిన పారదర్శక సంచి, అందులో కనబడేలా 48 గంటల లోపు రసీదు ఉంటే పెద్ద సీసానూ ఒప్పుకుంటారు. సీలు విప్పితే ఆ సౌకర్యం పోతుంది. ఇమిగ్రేషన్ అయ్యాక సూట్‌కేసు చేతికొస్తుంది కదా, దాన్ని మళ్లీ బెల్టు మీద పెట్టేముందే సెంటు అందులో పడేయడం ఇంకా సుఖం.

బ్రిటన్‌లో ఎడిన్‌బరోలాంటి కొన్ని విమానాశ్రయాల్లో కొత్త స్కానర్లతో 2 లీటర్ల దాకా అనుమతిస్తున్నారు. అయితే అక్కడ దాటిన సీసా దారిలో వచ్చే తరువాతి చెకింగ్‌లో 100 దగ్గరే ఆగిపోతుంది.