కొత్త కంపెనీ ఫ్యాన్లు, నాలుగున్నరేళ్ల తర్వాత

2021 జూన్‌లో గుంటూరులో ఫ్లాటు మారినప్పుడు కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు నాలుగు కొన్నాం. కంపెనీ కొత్తది. మా చుట్టాల్లో ఎవరింట్లోనూ దాని పేరు విన్నది లేదు. మావారు వద్దన్నారు, ఆయన భయమూ తప్పు కాదు. మామూలు ఫ్యాను నెమ్మదిస్తే వీధి చివరి ఎలక్ట్రీషియన్ వచ్చి కండెన్సర్ మార్చి, వందో నూటయాభయ్యో తీసుకుని పోతాడు. ఈ ఫ్యానులో మోటారును తిప్పేది ఒక సర్క్యూట్ బోర్డు. అది పోతే కంపెనీవాళ్లే దిక్కు. ఆ కంపెనీయే మూతపడితే?

అయినా కొన్నానంటే వారంటీ కార్డులో ఒక్క లైను చూసి. ఐదేళ్లు, బోర్డుతో సహా, ఇంటికొచ్చి బాగుచేస్తాం అని ఉంది. ఆ 'ఇంటికొచ్చి' విలువ నాకు తెలుసు. పాత ఇంట్లో వేరే కంపెనీ ఫ్యాను వారంటీలోనే పాడైతే సర్వీస్ సెంటరుకు తెమ్మన్నారు. దింపడానికి 200, మళ్లీ బిగించడానికి 200, ఆటోకి 150. ఉచితంగా బాగైన ఫ్యానుకు అయిన ఖర్చది!

2023 సెప్టెంబరులో ఒక వానరాత్రి కరెంటు పోయి వచ్చాక బెడ్‌రూమ్ ఫ్యాను తిరగలేదు. రిమోట్ నొక్కితే బీప్ మంటోంది, రెక్కలు మాత్రం అటు జానెడు ఇటు జానెడు ఊగి ఆగిపోతున్నాయి. వాట్సాప్‌లో ఫిర్యాదు పెడితే బిల్లు, ఫ్యాను ఊగుతున్న వీడియో, సీరియల్ నంబరు అడిగారు. ఆ నంబరు స్టిక్కరు మోటారు పైభాగాన ఉంది. మావారు స్టూలెక్కి, ఫోను పైకెత్తి గుడ్డిగా పది ఫొటోలు తీస్తే ఒకటి కుదిరింది. ఫ్యాను బిగించకముందే ఆ ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత ఫోన్ చేసి, గోడమీద పాత రెగ్యులేటర్ అలాగే ఉందా అని అడిగారు. అది ఉంటే ఈ ఫ్యాన్లు సరిగ్గా పనిచేయవట, మేం ముందే తీయించేశాం.

మూడో రోజు టెక్నీషియన్ వచ్చాడు. అడుగు మూత విప్పి బోర్డు బయటికి లాగాడు. దానిమీద చిన్న బిళ్లలాంటి భాగం ఒకటి మాడి నల్లబడింది. "ఎక్కువ వోల్టేజీ వస్తే ముందు ఇదే దెబ్బ తింటుందమ్మా" అన్నాడు. నాకు టెన్షన్ మొదలైంది. వోల్టేజీ హెచ్చుతగ్గుల వల్ల పాడైతే వారంటీ వర్తించదని కార్డులో చిన్న అక్షరాల్లో ఉంది మరి. అతను మీటరు పెట్టి చూస్తే స్విచ్‌బోర్డులో 238 వోల్టులు వచ్చింది, అంటే అప్పటికి మామూలుగానే ఉంది. ఫొటో తీసి ఆఫీసుకు పంపి, ఇరవై నిమిషాల్లో కొత్త బోర్డు వేసేశాడు. డబ్బు అడగలేదే అంటే, "ఇంట్లో ఒక్క ఫ్యానే పోతే మావాళ్లు పేచీ పెట్టరమ్మా, నాలుగూ ఒకేసారి పోతే అడుగుతారు" అని నవ్వాడు. నాకు ఆ కంపెనీమీద గురి కుదిరింది అప్పుడే. కొత్త బోర్డుకు మళ్లీ ఐదేళ్లు రావు, పాత వారంటీలో మిగిలిన కాలమే. ఆ సంగతి అడగకుండానే చెప్పాడు.

రెండోసారి ఇంత బాగా జరగలేదు. 2025 ఫిబ్రవరిలో హాలు ఫ్యాను బేరింగు గరగరమంది. వేరే కుర్రాడు వచ్చి పార్టు లేదన్నాడు. ఓటీపీ చెబితేనే పార్టు ఆర్డరవుతుందంటే నమ్మి చెప్పాను. అతను మెట్లు దిగేలోపే 'మీ ఫిర్యాదు పరిష్కరించాం' అని మెసేజ్! ఫ్యాను పైన గరగరమంటూనే ఉంది. మళ్లీ ఫిర్యాదు, మళ్లీ అదే వీడియో. మొత్తం పదకొండు రోజులు పట్టింది. చివరికి మోటారే మార్చారు కానీ, ఫ్యాను తిరిగేదాకా ఓటీపీ చెప్పకూడదని నాకు బుద్ధొచ్చింది.

రిమోట్‌కు ఏడాదే వారంటీ. పిల్లాడు పగలగొడితే 300 పెట్టి కొన్నాం, దానికి కంపెనీని ఏమనగలం? అసలు లోటు వేరే ఉంది. రేపల్లె దగ్గర పల్లెలో ఉన్న మా అత్తయ్యగారికీ ఇదే ఫ్యాను కొనిచ్చాం. అది ఆగాక తెలిసింది, ఆ పిన్‌కోడుకు ఇంటి సర్వీసు లేదట. తెనాలి తెచ్చుకోమన్నారు. కొనేముందు పిన్‌కోడు అడగకపోవడం నా పొరపాటే, కానీ కార్డులో ఆ ముక్క ఎక్కడా లేదు.

వచ్చే జూన్‌తో ఐదేళ్లు నిండుతాయి. ఆ తర్వాత బోర్డుకు ఎంతవుతుందని అడిగితే 900, మనిషి వచ్చినందుకు చార్జీ వేరే అన్నారు. పోనీ ఒక బోర్డు ముందే కొనిపెట్టుకుంటానంటే విడిగా అమ్మరట. కంపెనీ మూతపడితే ఎలా అన్న మావారి పాత ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదన్నమాట.