డీమ్యాట్‌లో -RE అని కొత్త లైన్ కనబడితే ఊరుకోకండి

హన్మకొండ చౌరస్తా దగ్గర ఖాతా తెరిపించే సబ్ బ్రోకర్లలో ఒకాయన పుణ్యమా అని 2,400 రూపాయలు గాలిలో కలిశాయి. పేరు రాయను, అక్కడ ఖాతా ఉన్నవాళ్లకు ఎలాగూ అర్థమవుతుంది.

నా దగ్గర ఒక కంపెనీవి 200 షేర్లు ఉన్నాయి, ధర 150. కంపెనీ రైట్స్ ఇష్యూ ప్రకటించింది, అంటే పాత వాటాదారులకే కొత్త షేర్లు అమ్మడం. ప్రతి 4 షేర్లకు ఒక కొత్త షేరు, 90 రూపాయలకే. కొన్నాళ్లకు డీమ్యాట్‌లో కంపెనీ పేరు, చివర -RE, పక్కన 50 అని కనబడింది. ఫోన్ చేసి అడిగితే ఆయన చెప్పింది ఇదీ: "అది బోనస్ లెక్క సార్, ముట్టుకోకుండ్రి, అదే షేర్ అయితది."

కాలేదు. ఇష్యూ ముగిశాక ఆ లైనే మాయమైంది. అది షేరు కాదు, 90కి కొనే హక్కు మాత్రమే. గడువులోపు డబ్బు కట్టాలి, లేదా ఆ హక్కునే మార్కెట్లో అమ్మాలి. రెండూ చేయకపోతే రద్దవుతుంది, నష్టపరిహారం ఉండదు.

లెక్క చూడండి. 150 చొప్పున 4 షేర్లు 600, కొత్తది 90, మొత్తం 690. అయిదుతో భాగిస్తే 138. అంటే కొత్త షేర్లు కలిశాక షేరు విలువ లెక్కప్రకారం 138కి దిగుతుంది. నా 200 షేర్ల మీద తరుగు 2,400. ఒక్కో హక్కు విలువ 138లోంచి 90 పోను 48, యాభైకి సరిగ్గా అదే 2,400. ఆ తరుగును పూడ్చడానికే హక్కు ఇస్తారు. వదిలేస్తే తరుగు మాత్రం మనకు మిగులుతుంది.

అడగడానికి ఆఫీసుకు పోతే సారు ఫోన్లోంచి తలెత్తలేదు. "మెయిల్ వచ్చింది కదా, చదువుకోవాలె." సరే అనుకుంటే ఆ వెంటనే, "ధర తగ్గింది, ఇంకో వంద తీసుకుంటరా?" నా నష్టం మీద ఆయనకు కొత్త బ్రోకరేజీ! ఎంత సేవాభావమో.

మీకు వస్తే రెండు తేదీలు చూసుకోండి. హక్కుల ట్రేడింగ్ ఇష్యూ ముగియడానికి కొన్ని రోజుల ముందే ఆగిపోతుంది, చివరి రోజు అమ్ముదామంటే కుదరదు. షేర్లే కావాలంటే నెట్ బ్యాంకింగ్‌లో అస్బా ద్వారా దరఖాస్తు చేయాలి, అంటే షేర్లు కేటాయించేదాకా డబ్బు మన ఖాతాలోనే బ్లాక్ అయి ఉండే పద్ధతి. మార్కెట్ ధర 90 కంటే కిందికి పోతే మాత్రం కట్టకండి, బయటే చవకగా దొరుకుతుంది. బయట -RE కొన్నవాళ్లు కూడా దరఖాస్తు చేయకపోతే పెట్టిన డబ్బు సున్నా.

ఎఫ్‌పీఓ, అంటే ఇప్పటికే మార్కెట్లో ఉన్న కంపెనీ అందరికీ కొత్త షేర్లు అమ్మడం అయితే, ఈ హక్కులేవీ ఖాతాలోకి రావు. అందరితోపాటు దరఖాస్తు చేయాల్సిందే, లేకపోతే మన వాటా శాతం తగ్గుతుంది. 2020లో యెస్ బ్యాంక్ 12 రూపాయలకు ఎఫ్‌పీఓ ఇచ్చినప్పుడు దరఖాస్తు చేయని పాతవాళ్ల వాటా ఎంత పలచబడిందో గుర్తుండే ఉంటుంది.

బ్రోకర్ సలహా ఏదైనా వాట్సాప్‌లో రాయించుకోండి. నాది ఫోన్ మాట, అందుకే సారు ఇప్పుడు "నేను అట్ల అనలే" అంటున్నాడు.