బాల్కనీ రెయిలింగ్‌కు టఫెండ్ గ్లాసా, లామినేటెడ్ గ్లాసా: రెండూ మా ఇంట్లో పగిలాక రాస్తున్న రివ్యూ

మాది హన్మకొండలో రెండంతస్తుల ఇల్లు. 2016లో కట్టుకున్నాం. ముందువైపు మొదటి అంతస్తు బాల్కనీకి మొత్తం గ్లాస్ రెయిలింగ్ పెట్టించాం, కింద హాల్ నుంచి సిట్అవుట్‌లోకి ఒక గ్లాస్ డోర్ కూడా. అప్పుడు ఫిట్టర్ చెప్పింది ఒకటే మాట, "12 ఎంఎం టఫెండ్ వేసుకోండి సార్, సుత్తితో కొట్టినా పగలదు" అని. మేమూ అంతే అనుకున్నాం, ఎంత గట్టిది అన్నది తప్ప పగిలితే ఏమవుతుంది అని ఒక్కరం కూడా అడగలేదు.

2019 మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి, ఇంట్లో అందరం కూలర్ ముందు పడుకుని ఉన్నప్పుడు, పెద్ద లక్ష్మీబాంబు పేలినట్టు చప్పుడు. బయటికి వచ్చి చూస్తే బాల్కనీలో మూడు ప్యానెళ్లకు రెండే ఉన్నాయి, మధ్యది లేదు. అక్కడ ఎవరూ లేరు, ఏ వస్తువూ తగల్లేదు. ఆ ప్యానెల్ నాలుగడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల ఎత్తు, బరువు దాదాపు 38 కిలోలు. అదంతా మొక్కజొన్న గింజలంత ముక్కలై కింద గేటు ముందు పోసినట్టు పడింది. టఫెండ్ గ్లాస్ పగిలితే మొండి ముక్కలవుతుంది, కోయదు అంటారు, అది నిజమే, చేత్తో ఎత్తినా పెద్దగా గీసుకోలేదు. కానీ అన్నీ విడివిడిగా రాలలేదు, కొన్ని ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని అరచేయంత గడ్డలుగా కూడా పడ్డాయి. అలాంటి గడ్డ ఒకటి స్కూటీ సీటు మీద పడి రెక్సిన్ చిరిగిపోయింది. అది ఎండాకాలం మధ్యాహ్నం కాబట్టి సరిపోయింది, సాయంత్రమైతే మా చిన్నోడు, పక్కింటి పిల్లలు సరిగ్గా అక్కడే ఆడుకుంటుంటారు. ఆ ఆలోచనతో చాలా రోజులు నాకు నిద్ర పట్టలేదు.

ఫిట్టర్‌ను పిలిస్తే "ఎండకు పగిలింది సార్, వరంగల్ ఎండలు తెలుసు కదా" అన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఈ గ్లాస్‌ను ఫ్యాక్టరీలో 600 డిగ్రీల పైచిలుకు వేడి చేసి ఒక్కసారిగా గాలితో చల్లారుస్తారు, దాంతో పైపొర ముందే గట్టిపడుతుంది, తర్వాత చల్లారే లోపలి భాగం కుంచించుకుంటూ ఆ పైపొరను నొక్కి పట్టుకుని ఉంటుంది. బలమంతా ఆ బిగువు నుంచే వస్తుంది, ఉత్త ఎండకు అది లొంగదు. కానీ ఆ బిగువు ఏ ఒక్క చోట తెగినా గ్లాస్ మొత్తం ఒకేసారి విడిపోతుంది, సగం పగలడం అనేది దానికి తెలియదు. అందుకే ఎక్కడ తెగిందో వెతికాను. ప్యానెల్‌ను అడుగున పట్టుకునే రెండు స్టీల్ క్లాంపుల్లో బెత్తెడు ముక్కలు ఇంకా ఇరుక్కుని ఉన్నాయి. ఎడమ క్లాంపులోని ముక్కలు మామూలుగానే ఉన్నాయి. కుడి క్లాంపులో మాత్రం పగుళ్లన్నీ విసనకర్ర పుల్లల్లాగా ఒక్క చోటి నుంచే బయల్దేరాయి. క్లాంపు విప్పితే లోపలి రబ్బరు ఒక మూలకు జరిగిపోయి ఉంది, గ్లాస్ అంచు నేరుగా స్టీల్‌కు ఆనుతోంది. మూడేళ్లు పిల్లలు ఊపడం, గాలిదుమారాలు, ఎండకు స్టీల్ సాగడం, ఇవన్నీ ఆ ఒక్క చోట రాపిడి పెట్టాయి. టఫెండ్ గ్లాస్ నడుమ గట్టి దెబ్బలనే తట్టుకుంటుంది, అంచు దగ్గర చిన్న దెబ్బకే పోతుంది.

అంచుకు ఏమీ కాకుండా తనంతట తాను పగలడం కూడా ఉంటుంది. తయారీలో నికెల్ సల్ఫైడ్ నలుసు లోపల ఉండిపోతే అది ఏళ్ల తర్వాత కూడా పెరిగి గ్లాస్‌ను పేల్చేస్తుంది. అలా అయితే మొదలైన చోట మిగతా వాటికన్నా పెద్దవి రెండు ముక్కలు సీతాకోకచిలుక రెక్కల్లా పక్కపక్కన కనిపిస్తాయి. దీనికి హీట్ సోక్ టెస్ట్ చేసిన గ్లాస్ అడగాలి. ఫ్యాక్టరీలోనే దాన్ని మళ్లీ గంటలపాటు వేడిలో ఉంచుతారు, పగిలేవి చాలావరకు అక్కడే పగిలిపోతాయి. కానీ మా ఇంట్లోలాగా ఫిట్టింగ్ తప్పు ఉంటే ఆ టెస్ట్ కాపాడదు.

అందుకే మిగిలిన రెండింటినీ తీయించి, మూడూ లామినేటెడ్ వేయించాను. 6 ఎంఎం టఫెండ్, మధ్యలో 1.52 ఎంఎం పీవీబీ అనే ప్లాస్టిక్ పొర, మళ్లీ 6 ఎంఎం టఫెండ్. క్లాంపులు అవే, లోపలి రబ్బర్లు మాత్రం కొత్తవి, పలచటివి, ఒక్కొక్కటి నేనే దగ్గరుండి చూసి బిగింపించాను. ఖర్చు మొదటిదానికి దాదాపు రెట్టింపు అయింది. కొలతలు మాత్రం చాలా జాగ్రత్త, ఒకసారి టఫెండ్ చేశాక కోయడానికి లేదు, రంధ్రం వేయడానికి లేదు.

2022లో అదీ పగిలింది. మా దగ్గర కోతుల బాధ ఎంతుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. గల్లీలో ఒక పిల్లగాడు గులేరుతో కోతిని కొడితే రాయి వచ్చి మా చివరి ప్యానెల్‌కు తగిలింది. బయటి గ్లాస్ మొత్తం సన్న ముక్కలై తెల్లగా గరుకుగా మారింది. కానీ ఒక్క ముక్క కింద పడలేదు, అన్నీ ఆ పొరకు అంటుకునే ఉన్నాయి. లోపలి గ్లాస్‌కు ఏమీ కాలేదు, చేత్తో నెట్టి చూస్తే గట్టిగానే ఉంది. కొత్తది రావడానికి మూడు వారాలు పట్టింది, అన్ని రోజులూ అది అట్లనే నిలబడి ఉంది. మేము తాడు కట్టి ఎవర్నీ ఆ పక్కకు పోనివ్వలేదు, అయినా కింద ఎవరి మీద పడుతుందో అన్న టెన్షన్ లేదు. నా వరకు రెట్టింపు డబ్బు ఆ మూడు వారాల్లోనే వచ్చేసినట్టు.

దీనికీ హద్దు ఉంది. రెండు గ్లాసులూ ఒకేసారి పగిలితే, రెండూ సన్న ముక్కలే కాబట్టి, ప్యానెల్ తడి దుప్పటిలా వంగిపోయి క్లాంపుల్లోంచి జారవచ్చు. అందుకే పైన స్టీల్ హ్యాండ్‌రెయిల్ పెట్టించి గ్లాస్ పై అంచును దాని గాడిలో కూర్చోబెట్టాం. చూడ్డానికి పైపు లేకుంటేనే బాగుంటుందని మా ఆవిడ చాలా రోజులు అంది, రాయి తగిలాక ఆ మాట అనలేదు. టఫెండ్ చేయని మామూలు గ్లాసుతో చేసిన లామినేటెడ్ కూడా దొరుకుతుంది, అది పగిలితే పెద్ద పెద్ద ముక్కలు సాలెగూడులా నిలిచి కాస్త గట్టిగానే ఉంటుంది, కానీ మొదట్లో బలం తక్కువ. కింద మాత్రమే పట్టుకుని నిలబడే రెయిలింగ్‌కు నేనైతే దాన్ని వేయించను.

డోర్ సంగతి వేరు. 12 ఎంఎం టఫెండే ఉంచాను, ఇప్పటికీ అదే ఉంది. నేలమీది డోర్ పగిలితే ముక్కలు ఎవరి నెత్తిన పడేంత ఎత్తు లేదు, మనిషి గుద్దుకుంటే కత్తిలా కోయకపోవడమే కావాల్సింది. కింది మూల గ్రానైట్ గడపకు తగలకుండా సందు చూసుకుంటాను, కంటి ఎత్తులో స్టిక్కర్ అంటించాను. కొనేటప్పుడు మూలన టఫెండ్ ముద్ర చూడండి, ముద్ర కనబడకపోతే పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుని పగటి వెలుగులో ఏటవాలుగా చూడండి, చిరుతపులి మచ్చల్లాంటి నీడలు కనిపిస్తే అది టఫెండ్ అయ్యే అవకాశం ఎక్కువ. లామినేటెడ్ అయితే అంచులో రెండు గ్లాసుల మధ్య గీత కనిపిస్తుంది.

లామినేటెడ్‌లో నాకు నచ్చనిది ఒక్కటే, అంచులు. హ్యాండ్‌రెయిల్ గాడిలో ఫిట్టర్ వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ నింపాడు, అది మధ్య పొరకు పడదని, న్యూట్రల్ సిలికాన్ వాడాలని నాకు తర్వాత తెలిసింది. రెండు వానాకాలాలు గడిచేసరికి పైపు కింద పాలు కలిపినట్టు తెల్లటి మసక మొదలైంది. పాతది గీకించి న్యూట్రల్ సిలికాన్ వేయించి, నీళ్లు నిలవకుండా పైపుకు అడుగున చిన్న రంధ్రాలు పెట్టించాను. మసక ఎక్కడిదాకా ఉందో మార్కర్‌తో గీత గీసి పెట్టాను. రెండు వానాకాలాలు దాటాయి, గీత దాటి రాలేదు.