మూడు వైపులూ ఒకే బొమ్మలోనా, విడివిడిగానా?

కోనసీమలో వరినాట్లు వేసే అమ్మాయి పాత్రకి ఏఐతో ముందు, పక్క, వెనక బొమ్మలు తీయించాను. ఆకుపచ్చ చీర, బెత్తెడు ఎర్ర అంచు, ఎడమ భుజం మీంచి వీపు మీదుగా తెచ్చి కుడి నడుముకి దోపిన కొంగు.

మూడూ ఒకే వెడల్పాటి బొమ్మలో అడిగితే రంగు, అంచు, ఎత్తు చక్కగా కలిశాయి. కానీ వెనక బొమ్మలో కొంగు కుడి భుజానికి మారిపోయింది. ఎదురుగా చూస్తే ఎడమ భుజం బొమ్మకి కుడివైపు ఉంటుంది, వెనక్కి తిరిగితే ఎడమవైపుకి రావాలి. ఏఐ కుడివైపే ఉంచేసింది.

ముందు బొమ్మను నమూనాగా ఇచ్చి విడివిడిగా తీయిస్తే కొంగు సరిగ్గా పడింది, అంచు మాత్రం రెండు వేళ్లకి సన్నబడింది.

నా ఓటు మొదటిదానికే. వెనక వీపు భాగం వరకే చెరిపి, "కొంగు బొమ్మకి ఎడమవైపు భుజం నుంచి కుడి నడుముకి" అని మళ్లీ గీయించాను, కుదిరింది.